ట్రీట్‌మెంట్‌కి ఒప్పుకునే ముందు ఖర్చు అంచనా అడుగుతూ వెట్ క్లినిక్‌కి మెసేజ్: తరచుగా అడిగే ప్రశ్నలు

మా క్లినిక్ ఫోన్‌కి రోజూ వచ్చే వాట్సాప్ మెసేజ్‌లలో ఎక్కువ భాగం రెండు ముక్కలే. "కుక్కకి ఆపరేషన్ ఎంత?" అని ఒకటి, "పిల్లి తినట్లేదు, రేటు చెప్పండి" అని ఇంకొకటి. అడగడంలో తప్పేమీ లేదు. నేను వెటర్నరీ డాక్టర్ని, నా సొంత ఇంట్లో పని చేయించాలన్నా ముందు ఎస్టిమేట్ అడుగుతాను. కానీ ఆ రెండు ముక్కలకి ఉపయోగపడే జవాబు ఎవరూ ఇవ్వలేరు. పనికొచ్చే జవాబు రావాలంటే ఎలా అడగాలో, వచ్చిన జవాబుని ఎలా చదవాలో కింద రాశాను. ఉదాహరణకి మా దగ్గర తరచూ కనిపించే జబ్బునే తీసుకున్నాను: పయోమెట్రా, అంటే గర్భసంచి తీసేసే స్పే ఆపరేషన్ చేయించని ఆడకుక్కకి గర్భసంచిలో చీము పట్టడం.

జంతువుని చూడకుండా మెసేజ్‌లోనే రేటు చెప్పేస్తారా?

చూడకముందు కచ్చితంగా చెప్పగలిగేవి మూడే: కన్సల్టేషన్ ఫీజు, ఫలానా పరీక్షకి ఎంత, రాత్రిపూట వస్తే అదనంగా ఎంత. వీటిని మొహమాటం లేకుండా మెసేజ్‌లోనే అడగండి. ఏ క్లినిక్ అయినా చెప్పాలి.

జబ్బు ఖర్చు మాత్రం డాక్టర్ చేయి పడ్డాకే తెలుస్తుంది. "వాంతులు అవుతున్నాయి, ఎంతవుతుంది?" అని అడిగితే, అది నిన్న తిన్న బిర్యానీ ఎముక వల్లా, పార్వో వైరస్ వల్లా, కిడ్నీ వల్లా అన్నది తేలాలి కదా. మొదటిదానికి ఒక ఇంజెక్షన్ సరిపోవచ్చు. పార్వో అయితే నాలుగైదు రోజులు డ్రిప్ మీద ఉండాలి. చూడకుండానే ఎవరైనా ఒక అంకె చెప్పేస్తే అది మిమ్మల్ని రప్పించడానికి చెప్పిన అంకె అయ్యుంటుంది.

కాబట్టి ఎస్టిమేట్ అడిగే మెసేజ్‌కి సరైన సమయం, డాక్టర్ చూసి "ఇదీ సమస్య, ఇది చేయాలి" అన్న తర్వాత, మీరు "సరే" అనే ముందు. చాలామంది క్లినిక్ బయట బండి మీద కూర్చుని ఇంట్లోవాళ్లకి ఫోన్ చేస్తుంటారే, సరిగ్గా అప్పుడు.

అప్పుడు మెసేజ్‌లో ఏం రాయాలి? ఎదురుగానే అడగొచ్చు కదా?

అడగొచ్చు. కానీ నోటితో చెప్పిన అంకె సాయంత్రానికి ఇద్దరి దగ్గర రెండు రకాలుగా గుర్తుంటుంది. మీరు విన్నది "ఇరవై", రిసెప్షన్‌లో అమ్మాయి చెప్పింది "ఇరవై నుంచి ముప్పై". రాతలో ఉంటే ఆ గొడవ ఉండదు. పైగా డబ్బు విషయంలో ఇంట్లో ఇంకొకరిని అడగాల్సి ఉంటే ఆ మెసేజ్‌నే ఫార్వర్డ్ చేయొచ్చు.

కింద ఒక నమూనా ఇస్తున్నాను. కుక్క పేరు చిన్ని అనుకుందాం. మీ వివరాలు మార్చుకుని వాడుకోండి.

> డాక్టర్ గారూ, నమస్తే. పొద్దున మీ దగ్గరికి తెచ్చిన చిన్ని గురించి. ఆడ ల్యాబ్రడార్, 7 ఏళ్లు, మీ దగ్గర తూచితే 28 కిలోలు. స్పే చేయించలేదు. ఎదకొచ్చి, ఆ హీట్ అయిపోయి 5 వారాలైంది. 3 రోజులుగా నీళ్లు బాగా ఎక్కువ తాగుతోంది, నిన్నటి నుంచి తిండి లేదు, రెండుసార్లు వాంతి అయింది. ఇంట్లో మందులేమీ వేయలేదు. చివరిసారి తిన్నది నిన్న పొద్దున, కొంచెం పెరుగన్నం.
>
> మీరు స్కాన్ తీసి పయోమెట్రా అన్నారు, ఈరోజే ఆపరేషన్ చేయాలన్నారు. ఒప్పుకునే ముందు ఇవి చెప్పగలరా?
>
> 1. మొత్తం తక్కువలో తక్కువ ఎంత, ఎక్కువలో ఎక్కువ ఎంత?
> 2. అందులో ఏమేం కలిశాయి, ఏవి కలవలేదు?
> 3. ఏం జరిగితే ఖర్చు పై అంకెకి వెళ్తుంది?
> 4. ఇప్పుడు అడ్వాన్స్ ఎంత కట్టాలి?
> 5. పై అంకె దాటేలా ఉంటే ముందు నాకు ఫోన్ చేస్తారా?
>
> మా దగ్గర ఇప్పటికిప్పుడు 25 వేల దాకా ఉన్నాయి. నేను క్లినిక్ బయటే ఉన్నాను, ఫోన్ చేసినా పర్వాలేదు.

ఈ మెసేజ్‌లో మొదటి పేరా మీకు అనవసరం అనిపించొచ్చు, డాక్టర్ చూశారు కదా అని. కానీ జవాబు రాసేది తరచూ డాక్టర్ కాదు, రిసెప్షన్‌లోనో బిల్లింగ్‌లోనో ఉన్నవాళ్లు. బరువు, వయసు లేకపోతే వాళ్లు మళ్లీ నన్ను ఆపరేషన్ థియేటర్‌లోంచి పిలవాలి. ఇంకో మాట. దయచేసి మూడు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టొద్దు. చేతికి గ్లోవ్స్ వేసుకున్నవాళ్లు అది వినరు, విన్నా మధ్యలో బరువు ఎంతన్నారో మర్చిపోతారు.

బరువు గురించి అంత పట్టుదల ఎందుకు?

బిల్లులో సగం వస్తువులు బరువుని బట్టే కదులుతాయి. డ్రిప్ లెక్క చూడండి. జబ్బులేని కుక్కకి కూడా రోజుకి కిలోకి సుమారు 50 నుంచి 60 మిల్లీలీటర్ల నీరు కావాలి. 28 కిలోల చిన్నికి అది లీటరున్నర. వాంతులు, తిండి లేకపోవడం వల్ల ఒంట్లో నీరు బరువులో 7 శాతం తగ్గిందనుకుంటే, ఆ లోటు ఇంకో రెండు లీటర్లు. అంటే మొదటి రోజే మూడున్నర లీటర్లు, అర లీటరు సీసాలు ఏడు. అదే జబ్బు 10 కిలోల స్పిట్జ్‌కి వస్తే రెండు మూడు సీసాలతో అయిపోతుంది. మత్తుమందు, యాంటీబయాటిక్, నొప్పి ఇంజెక్షన్ అన్నీ ఇదే దారి.

ఇంట్లో అంచనాగా చెప్పే బరువులు నమ్మలేం. "ఇరవై ఉంటుందండీ" అన్న కుక్క తూకం మీద 31 చూపించిన రోజులున్నాయి. క్లినిక్‌లో తూచింది రాయండి. తూకం లేకపోతే మీరు బరువు చూసుకుని, తర్వాత కుక్కని ఎత్తుకుని చూసి తీసేయండి. పెద్ద కుక్కని ఎత్తడం మీ నడుముని బట్టి.

జవాబులో వచ్చే ఎస్టిమేట్ ఎలా ఉండాలి?

"ఆపరేషన్ 14 వేలు" అని ఒక్క ముక్క వస్తే అది ఎస్టిమేట్ కాదు. కోత, కుట్లు ఒక్కటే అందులో ఉండొచ్చు. మత్తు, డ్రిప్, వార్డు, ఇంటికిచ్చే మందులు తర్వాత వచ్చి కలుస్తాయి. గొడవలన్నీ పుట్టేది ఇక్కడే.

చిన్నికి రాసిన ఎస్టిమేట్ ఇలా ఉందనుకుందాం. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి వేసినవి. ఊరిని బట్టి, క్లినిక్‌ని బట్టి మారతాయి, వీటిని పట్టుకుని ఎవరితోనూ వాదించకండి. ఆపరేషన్‌కి ముందు రక్తపరీక్షలు, అంటే రక్తకణాల లెక్క, కిడ్నీ, లివర్ కలిపి 1,800. ఆపరేషన్‌కి ముందు ఎక్కించే డ్రిప్, ఇంజెక్షన్లు 1,500 నుంచి 2,000. ఆపరేషన్, మత్తు, థియేటర్ సామాను కలిపి 14,000 నుంచి 16,000. ఆ తర్వాత వార్డులో రోజుకి డ్రిప్, మందులు, చూసుకోవడం కలిపి 2,000; ఒక రోజు నుంచి నాలుగు రోజులు, అంటే 2,000 నుంచి 8,000. ఇంటికిచ్చే మందులు, కుట్లు నాకకుండా మెడకి వేసే కోన్ కలిపి 1,200 నుంచి 1,500. కుట్లు విప్పే రోజు చెకప్‌తో 500.

కింది అంకెలన్నీ కూడితే 21,000. పై అంకెలన్నీ కూడితే 29,800. పొద్దున కట్టేసిన కన్సల్టేషన్, స్కాన్ ఇందులో లేవు.

ఇప్పుడు ఈ రెండు అంకెల మధ్య తేడా ఎక్కడుందో చూడండి. మొత్తం 8,800 తేడాలో 6,000 ఒక్క వార్డు రోజులదే. అంటే మీరు బేరమాడాల్సిందో, కనుక్కోవాల్సిందో ఆపరేషన్ ఫీజు గురించి కాదు. "ఎన్ని రోజులు ఉంచాల్సి రావచ్చు, అది ఎప్పటికి తెలుస్తుంది?" అన్నదే అసలు ప్రశ్న.

ఇంత తేడా ఎందుకు? డాక్టర్‌కి ముందే తెలియదా?

కొంత తెలుస్తుంది, కొంత పొట్ట తెరిచాక తెలుస్తుంది, మిగతాది మర్నాడు తెలుస్తుంది.

పయోమెట్రాలో హీట్ అయిపోయిన కొన్ని వారాలకి, ప్రొజెస్టెరాన్ హార్మోన్ ఎక్కువగా ఉన్న రోజుల్లో, గర్భసంచి లోపలి పొర ఉబ్బి అందులో బాక్టీరియా చేరుతుంది. ఎక్కువగా ఈ-కోలి. దాని విషాలు రక్తంలోకి వెళ్లి కిడ్నీ పనిని దెబ్బతీస్తాయి. కుక్క కుండ ఖాళీ చేసేలా నీళ్లు తాగడానికి కారణం అదే. వేసవి వేడికి తాగుతోందనుకుని వారం గడిపేసిన ఇళ్లు చాలా చూశాను.

రక్తపరీక్షలో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ మామూలుగా ఉండి, తెల్లకణాలు మాత్రమే ఎక్కువైతే, చాలా కుక్కలు ఆపరేషన్ మర్నాడే తోక ఊపుతూ అన్నం తింటాయి. బిల్లు కింది అంకె దగ్గర ఆగుతుంది. కుక్కల్లో మామూలుగా 1.6కి అటూ ఇటూ లోపల ఉండాల్సిన క్రియాటినిన్ 2.9 వచ్చిందనుకోండి, రెండు మూడు రోజులు డ్రిప్ మీద ఉంచి మళ్లీ పరీక్ష చేయకుండా పంపలేం. అందుకే ఎస్టిమేట్ అడిగే సమయానికి రక్తపరీక్ష రిపోర్టు వచ్చిందో లేదో కనుక్కోండి. రాకపోతే "ముందు రక్తపరీక్షకి ఒప్పుకుంటున్నాను, రిపోర్టు చూశాక మిగతా ఎస్టిమేట్ చెప్పండి" అని రాయొచ్చు. గంట లోపలే రిపోర్టు వచ్చే మెషీన్లు ఇప్పుడు చాలా క్లినిక్‌లలో ఉన్నాయి, కాబట్టి ఆ గంట వల్ల పెద్ద నష్టం లేదు.

పొట్ట తెరిచాక తెలిసేది ఒకటుంది. గర్భసంచి ఎక్కడైనా చిల్లు పడి చీము పొట్టలోకి కారి ఉంటే, పొట్ట అంతా కడగాలి, ఒక్కోసారి చీము బయటికి పోయేలా డ్రెయిన్ గొట్టం పెట్టాలి, వార్డు రోజులు పెరుగుతాయి. స్కాన్‌లో ఇది ప్రతిసారీ కనబడదు. మంచి ఎస్టిమేట్‌లో ఈ మాట రాసి ఉంటుంది: "లోపల చీము కారి ఉంటే అదనం, అప్పుడు ఫోన్ చేస్తాం."

మామూలు స్పే ఆపరేషన్‌కి పక్కింటివాళ్లకి చాలా తక్కువ అయింది. మాకెందుకు ఇంత?

రెండింట్లోనూ తీసేది అదే అవయవం, నిజమే. కానీ ఆరోగ్యంగా ఉన్న ఆరు నెలల కుక్క గర్భసంచి మీ చిటికెనవేలంత సన్నంగా ఉంటుంది. చీము పట్టింది సైకిల్ ట్యూబ్‌లా ఉబ్బి, కొన్నిసార్లు కిలోల బరువు ఉంటుంది, కాస్త గట్టిగా పట్టుకుంటే చిరిగిపోయేంత మెత్తబడి ఉంటుంది. దాన్ని చిరగకుండా బయటికి తేవాలి. పైగా అప్పటికే జబ్బుపడ్డ జంతువుకి మత్తు ఇవ్వాలి. కోత పెద్దది, సమయం ఎక్కువ, మనుషులు ఎక్కువ.

ఖర్చు అడిగితే "ప్రాణం కన్నా డబ్బు ఎక్కువా" అనుకుంటారేమో?

అనుకునే డాక్టర్ దగ్గరికి మళ్లీ వెళ్లకండి. నాకైతే అడగనివాళ్లతోనే టెన్షన్.

మా దగ్గర ఎంత ఉందో ముందే చెప్తే అంతా లాగేస్తారు కదా?

ఈ భయం నాకు అర్థమవుతుంది, పూర్తిగా తప్పని కూడా అనలేను. అయినా చెప్పమనే అంటాను. ఎందుకంటే 25 వేలే ఉన్నాయని తెలిస్తే నేను ఆ డబ్బు ముందు ఎక్కడ పెట్టాలో ఆలోచిస్తాను. తెలియకపోతే పుస్తకంలో ఉన్నట్టు అన్నీ రాస్తాను, మీరు మూడో రోజు డబ్బులైపోయి కుక్కని సగం ట్రీట్‌మెంట్‌లో ఇంటికి తీసుకెళ్తారు. అన్నిటికంటే ఖరీదైన దారి అదే.

ఏవి తగ్గించుకోవచ్చో సూటిగా అడగండి. తగ్గించుకోగలిగినవి ఉంటాయి. రాత్రి వార్డులో కాకుండా, కుక్క నిలకడగా ఉంటే పొద్దున తెచ్చి డ్రిప్ పెట్టించుకుని సాయంత్రం తీసుకెళ్లడం. ఇంటికిచ్చే మందులకి చీటీ రాయించుకుని బయట కొనుక్కోవడం. కోన్ తెలిసినవాళ్ల దగ్గర అడిగి తెచ్చుకోవడం. తగ్గించకూడనివి మూడు: ఆపరేషన్‌కి ముందు కిడ్నీ పరీక్ష, డ్రిప్, నొప్పి మందు. "నొప్పి ఇంజెక్షన్ తీసేయండి, ఓర్చుకుంటుంది" అన్న పెద్దాయన ఒకరు గుర్తున్నారు. ఆయనకి గతేడాదే మోకాలి ఆపరేషన్ అయింది. ఆ మాట గుర్తు చేస్తే నవ్వి ఊరుకున్నారు.

ఆపరేషన్ లేకుండా మందులతో తగ్గితే ఖర్చు తగ్గుతుంది కదా? అలా ఎస్టిమేట్ అడగొచ్చా?

అడగొచ్చు. కానీ జవాబు చాలాసార్లు మీకు నచ్చదు. గర్భసంచి మూతి తెరిపించి చీముని బయటికి తెప్పించే ఇంజెక్షన్లు ఉన్నాయి. అవి పిల్లలు పెట్టించాలనుకునే కుక్కలకి, మూతి తెరిచే ఉండి, కుక్క ఇంకా బాగానే ఉన్నప్పుడు వాడేవి. చాలా రోజులు ఇంజెక్షన్లు, మధ్యలో మళ్లీ మళ్లీ స్కాన్లు, యాంటీబయాటిక్స్ కూడితే ఆపరేషన్ ఖర్చుకి పెద్ద తేడా ఉండదు. పైగా గర్భసంచి అక్కడే ఉంటుంది కాబట్టి తర్వాతి హీట్‌ల తర్వాత మళ్లీ వచ్చే అవకాశం బాగానే ఉంది. వస్తే అప్పుడెలాగూ ఆపరేషన్ తప్పదు.

ఉత్త యాంటీబయాటిక్ మాత్రలతో నెట్టుకురావడం అనేది ట్రీట్‌మెంట్ కాదు, వాయిదా.

వేరే క్లినిక్‌లో 15 వేలకే చేస్తామన్నారు. ఎలా పోల్చాలి?

ఆ క్లినిక్‌కి కూడా ఇదే మెసేజ్ పంపండి, అదే ఐదు ప్రశ్నలతో. రిపోర్టుల ఫోటోలు, స్కాన్ జత చేయండి. అవి మీవే, మొదటి క్లినిక్ ఇవ్వాలి. అప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి: రక్తపరీక్ష ఉందా, మత్తు అందులో కలిసిందా, వార్డు ఎన్ని రోజులు, రాత్రి ఎవరైనా ఉంటారా లేక తాళం వేసి వెళ్లిపోతారా, కుట్లు విప్పడం కలిసిందా. తరచూ 15 వేలూ 21 వేలూ ఒక్కటే అని తేలుతుంది, ఒకరు అన్నీ కలిపి చెప్పారు, ఇంకొకరు కలపలేదు. కొన్నిసార్లు నిజంగానే తక్కువ ఉంటుంది. అద్దె తక్కువ ఉన్న చోట, డాక్టరే అన్నీ చూసుకునే చిన్న క్లినిక్‌లలో మంచి పని చేసేవాళ్లు బోలెడుమంది.

పోలికకి పెట్టుకునే గడువు మాత్రం గంటల్లో ఉండాలి. రోజుల్లో కాదు. రెండు రోజులు ఐదు క్లినిక్‌లకి ఫోన్లు చేసి, ఆరువేలు తక్కువకి దొరికిందని సంతోషంగా వచ్చిన కుటుంబం ఒకటి ఉంది. ఆ రెండు రోజుల్లో క్రియాటినిన్ రెట్టింపైంది. మిగిలిన ఆరువేలు వార్డులో పోయాయి, ఇంకా పైన కొంత పడింది.

అసలు మెసేజ్ పెట్టేంత టైం ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

పయోమెట్రాలో ఒక మోసం ఉంది. చీము బయటికి కారుతున్నంతసేపు చూడ్డానికి భయంగా ఉంటుంది కానీ కొంత టైం ఉంటుంది. కారడం ఆగిపోతే "తగ్గిపోయింది" అనుకుంటారు. నిజానికి మూతి మూసుకుపోయి లోపలే నిండుతూ ఉండొచ్చు. కారడం ఆగి, పొట్ట బరువుగా జారినట్టు కనిపిస్తూ, కుక్క లేవలేకపోతుంటే మెసేజ్ టైప్ చేయకండి, ఫోన్ చేసి బయల్దేరండి.

ఇదే మాట ఇంకో రెండు చోట్ల. మగపిల్లి ట్రేలో పదేపదే కూర్చుంటూ చుక్క మూత్రం కూడా పోయకపోతే, ఒకటి రెండు రోజుల్లో గుండె ఆగే ప్రమాదం ఉంది. పెద్ద కుక్క పొట్ట డప్పులా ఉబ్బి, వాంతికి ప్రయత్నిస్తూ ఏమీ రాకపోతే, అది గంటల వ్యవహారం.

అలాంటప్పుడు కూడా ఖర్చు అడగొచ్చు, ప్రశ్న మార్చాలి అంతే. దారిలో ఫోన్ చేసి "మొదటి గంటలో నిలబెట్టడానికి చేసే పనులకి ఎంతవుతుంది? వాటికి ఒప్పుకుంటున్నాను. ఆపరేషన్ ఎస్టిమేట్ మేం వచ్చాక మాట్లాడదాం" అనండి. ఆ ఒక్క ముక్కతో మేం డ్రిప్ సిద్ధం చేసుకుంటాం, మీకూ ఒక అంకె చేతిలో ఉంటుంది.

ఇంట్లో వేసిన మందుల గురించి ఎస్టిమేట్ మెసేజ్‌లో ఎందుకు రాయాలి?

దాచితే ఎస్టిమేట్ తప్పుతుంది కాబట్టి. జ్వరమని మన పారాసిటమాల్, నొప్పని ఇబుప్రోఫెన్ లేదా డైక్లోఫెనాక్ వేసేస్తుంటారు. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్క పొట్టలో పుండ్లు చేస్తాయి, అసలే దెబ్బతిన్న కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ పిల్లికి విషం, ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి. ఎవరూ తిట్టరు. రాయండి. ఏ మాత్ర, ఎంత పవర్, ఎప్పుడు అన్నది చాలు.

ఒప్పుకున్నాక బిల్లు ఎస్టిమేట్ దాటితే ఏం చేయాలి?

దీనికి మందు ముందే వేసుకోవాలి. ఆపరేషన్‌కి ముందు మీ చేత ఒక ఒప్పుదల కాగితం మీద సంతకం తీసుకుంటారు. చాలామంది చదవరు. ఆ కాగితం మీదే, సంతకం పక్కన, మీ చేత్తో రాయండి: "29,800 దాటేలా ఉంటే ముందు ఈ నంబర్‌కి ఫోన్ చేయాలి." దాని ఫోటో తీసుకోండి. ఇంకో మాట కూడా రాయాలి, అది కష్టమైనదే. మీరు ఫోన్ ఎత్తకపోతే ప్రాణం నిలబెట్టడానికి కావలసింది చేయమంటారా, ఎంతవరకు? కుక్క మత్తులో ఉండగా ఫోన్ ఎవరూ ఎత్తకపోతే మేం పడే అవస్థ మీరు ఊహించలేరు.

చిన్ని లెక్కకే వద్దాం. క్రియాటినిన్ 2.9 వచ్చింది, మూడు రోజులు ఉంచారు. పరీక్షలు 1,800, ముందు డ్రిప్ 2,000, ఆపరేషన్ 15,000, వార్డు 6,000, ఇంటి మందులు 1,400, కుట్లు 500. మొత్తం 26,700. దానికి తోడు మూడో రోజు కిడ్నీ పరీక్ష మళ్లీ చేశారు, 900. చివరి బిల్లు 27,600. పై అంకె లోపలే ఉంది కాబట్టి గొడవ లేదు. కానీ ఆ 900 ఎస్టిమేట్‌లో ఎక్కడా లేదు, గమనించారా? వార్డు రోజులు తగ్గి మిగిలిన 2,000లో అది కలిసిపోయింది. నాలుగు రోజులు ఉండి, ఆపరేషన్ కూడా 16,000 అయి ఉంటే పైకి తేలేది. "మళ్లీ పరీక్షలు చేస్తే అవి కలిసాయా?" అని రెండో ప్రశ్న కింద అడగడం మర్చిపోకండి.

దాటిన బిల్లు చేతికొస్తే ముందు వస్తువులవారీగా రాసిచ్చిన బిల్లు అడిగి, ఎస్టిమేట్ పక్కన పెట్టి, ఏ గీత దగ్గర తేడా వచ్చిందో అదొక్కటే అడగండి. "దోచుకుంటున్నారు" అని మొదలుపెడితే ఎదుటివాళ్లు జవాబు చెప్పడం మానేసి తమని కాపాడుకోవడం మొదలుపెడతారు. తేడా తేలకపోతే, డబ్బు తీసుకుని చేసిన సేవ కాబట్టి వినియోగదారుల కమిషన్‌కి వెళ్లే దారి ఉంది. అప్పుడు మీ దగ్గరున్న ఆ వాట్సాప్ ఎస్టిమేట్, సంతకం కాగితం ఫోటోనే ఆధారాలు.

జీఎస్టీ అదనంగా వేస్తారా?

జంతువులకి వెట్ క్లినిక్ చేసే వైద్యసేవకి 2017లో జీఎస్టీ వచ్చినప్పటి నుంచీ మినహాయింపు ఉంది. కన్సల్టేషన్, ఆపరేషన్ మీద జీఎస్టీ గీత కనిపిస్తే అడగండి. మందుల సీసా మీద ఎమ్మార్పీలో పన్ను ఎలాగూ కలిసే ఉంటుంది. గ్రూమింగ్, బోర్డింగ్ వేరే లెక్క, వాటికి ఈ మినహాయింపు లేదు.

ఎస్టిమేట్ చూశాక మా వల్ల కాదని తేలింది. తర్వాత?

ఆ మాటే క్లినిక్‌కి వెంటనే రాయండి. చెప్పకుండా వెళ్లిపోతే మేం దారి చూపలేం. వెటర్నరీ కాలేజీల ఆసుపత్రుల్లో ఫీజులు బయటికంటే చాలా తక్కువ. హైదరాబాద్‌లో రాజేంద్రనగర్, మా వైపు గన్నవరం, రాయలసీమలో తిరుపతి కాలేజీలు ఉన్నాయి. హైదరాబాద్ నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. వెళ్లే ముందు ఫోన్ చేసి ఆరోజు సర్జరీ జరుగుతుందా, ఎన్నింటి దాకా చూస్తారు అన్నది కనుక్కోండి, రాత్రిళ్లు, ఆదివారాలు అన్నిచోట్లా ఉండదు. మమ్మల్ని అడిగితే రిపోర్టులతో ఒక లెటర్ రాసి, బయల్దేరే ముందు ఒక డ్రిప్, యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇచ్చి పంపుతాం. దానికి అయ్యేది కొద్ది మొత్తమే, కానీ దారిలో పోయే గంటలు వృథా కావు.

వాయిదాల్లో కట్టొచ్చా అని అడగడానికి సిగ్గుపడకండి. మాలో చాలామంది పాత కస్టమర్లకి ఒప్పుకుంటాం. కొత్తవాళ్లకి కష్టం, ఎందుకో మీకు తెలుసు.

కుక్క మా అమ్మానాన్నల దగ్గర ఉంది, డబ్బు కట్టేది డాలస్‌లో ఉన్న నేను. ఎస్టిమేట్ ఎవరికి పంపమనాలి?

ఇది ఈమధ్య బాగా ఎక్కువైంది. క్లినిక్‌లో ఆంటీ గారు "బాబుని అడగాలండీ" అంటారు, బాబుకి అక్కడ అర్ధరాత్రి. పొద్దున్నే చూసి "వేరే డాక్టర్ ఒపీనియన్ తీసుకోండి" అంటారు. ఈలోగా ఒక రోజు పోయింది.

కుక్కని తీసుకెళ్లే రోజే మీరు క్లినిక్‌కి ఒక మెసేజ్ పెట్టండి: "మా అమ్మగారు చిన్నిని తీసుకొస్తున్నారు. 15 వేల లోపు దేనికైనా ఆవిడే ఒప్పుకోవచ్చు. అంతకు మించితే ఎస్టిమేట్ ఈ నంబర్‌కి పంపి ఫోన్ చేయండి, ఇక్కడ రాత్రయినా పర్వాలేదు." అడ్వాన్స్ యూపీఐలో వెంటనే పంపగలరో లేదో కూడా అదే మెసేజ్‌లో తేల్చండి. అమ్మగారి దగ్గర సంతకం, మీ దగ్గర డబ్బు, మధ్యలో మేం అయితే పని నడవదు.

అడ్వాన్స్ కట్టాక కుక్క చనిపోతే ఆ డబ్బు తిరిగి ఇస్తారా?

అడగడం ఎవరికీ ఇష్టం ఉండదు. అయినా అడగండి, నాలుగో ప్రశ్నకి ఒక వాక్యం కలిపితే చాలు: "మధ్యలో ఏదైనా జరిగితే వాడని రోజుల డబ్బు తిరిగి వస్తుందా?" మామూలుగా అప్పటిదాకా చేసిన పనికి బిల్లు వేసి, మిగతాది తిరిగి ఇవ్వాలి. ఆపరేషన్ జరిగాక చనిపోతే ఆపరేషన్ ఖర్చు తిరిగి రాదు, వార్డు రోజులవి వస్తాయి. కొన్నిచోట్ల అడ్వాన్స్ మొత్తం వాళ్లదే అని రసీదు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ లైన్ చదవండి, ఒప్పుకోకపోతే కట్టే ముందే చెప్పండి. తర్వాత పూడ్చిపెట్టడమో దహనమో వేరే ఖర్చు, దాన్ని ఎస్టిమేట్‌లో ఎవరూ రాయరు. ఊళ్లో అయితే పొలం గట్టున పూడుస్తారు. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకి మా కాంపౌండర్ దగ్గర ఆ పని చేసేవాళ్ల నంబర్ ఉంటుంది, అడిగితే ఇస్తాడు.